పర్లాకిమిడి మాష్టారి పళ్ళెంలో ల్యూసిన్ ఎంత? ఒక శాకాహార కేసు

మాష్టారికి 66 ఏళ్ళు. పర్లాకిమిడిలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చెప్పిన బాధ ఒక్కటే: "పీట మీద కూర్చుని భోంచేస్తానమ్మా. తినడం బాగానే తింటాను. లేవడానికి మాత్రం గోడ పట్టుకోవాల్సి వస్తోంది."

అంతకు ఎనిమిది నెలల ముందు మెట్టు జారి ఆయన చీలమండ విరిగింది. ఆరు వారాలు కట్టు. ఎముక అతికింది కానీ ఆ మంచంలో పోయిన కండ తిరిగి రాలేదు. కట్టు విప్పిన ఆసుపత్రిలో, వయసు మీద పడింది కాబట్టి తేలిగ్గా అరిగేవి పెట్టమని, పప్పులు తగ్గించమని చెప్పి పంపారట. ఇంట్లోవాళ్ళు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. నాకు బాధ కలిగించింది ఇదే. కండ పోగొట్టుకున్న మనిషికి కండ కట్టే తిండే తగ్గించారు.

కుటుంబం పూర్తి శాకాహారం. గుడ్డు కూడా ముట్టరు. పాలు తాగితే కడుపు ఉబ్బరం, పెరుగుతోనూ అదే ఇబ్బంది అని రెండేళ్ళ క్రితమే మానేశారు. ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో ల్యూసిన్ ఒకటి, కండ కట్టడానికి ముఖ్యమైనది. అంటే అది సులువుగా దొరికే దారులన్నీ మూసుకుపోయాయి. మొత్తం మొక్కల నుంచే రావాలి. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం అదే. మాష్టారి అనుమతి తీసుకునే రాస్తున్నాను, పేరు మాత్రం రాయడం లేదు.

మొదటి రోజు చూసినవి

బరువు 58 కిలోలు. చేతి పట్టు బలం 23 కిలోలు. ఆసియా దేశాలవారికి 2019లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం మగవారిలో 28 కంటే తక్కువైతే బలం తగ్గినట్టు లెక్క. పిక్క చుట్టుకొలత 31 సెంటీమీటర్లు, మగవారిలో 34 లోపుంటే కండ తగ్గిందేమోనని అనుమానించాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమంటే 17 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, ఆపైన పడితే కాళ్ళ శక్తి తగ్గినట్టే. నాలుగోసారి లేచేటప్పుడు ఆయన కట్టుకున్న చేతులు విప్పేసి తొడల మీద ఆనించబోయారు. ఆపి, మళ్ళీ మొదటి నుంచి చేయించాను. చేతుల సాయంతో వచ్చిన సెకన్లకు విలువ లేదు.

ప్రోటీన్ పెంచే ముందు కిడ్నీ సంగతి తేల్చుకోవాలి కాబట్టి ఆ పరీక్షలు చేయించాం. క్రియాటినిన్ 0.9, మూత్రంలో ప్రోటీన్ పోవడం లేదు. షుగర్ లేదు, థైరాయిడ్ మాత్రలు వాడటం లేదు. వాడుతూ ఉంటే సోయా తినే వేళకూ మాత్ర వేసుకునే వేళకూ మధ్య ఎడం ఎక్కువ పెట్టించేదాన్ని. ఎందుకంటే సోయా ఆ మందు ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది.

ఆయన ఏం తింటున్నారు

భోజనం గురించి నేను "పప్పు తింటారా?" అని అడగను. అందరూ తింటామనే అంటారు. అమ్మగారిని, అంటే మాష్టారి భార్యని, ఇంట్లో పప్పు కొలిచే గ్లాసు, పప్పు వడ్డించే గరిటె పట్టుకు రమ్మన్నాను. ఆ గ్లాసుతో కందిపప్పు పోసి తూచాం: 80 గ్రాములు. అది నలుగురికి. అందులో టమాటాలో, ఆకుకూరో, నీళ్ళో పోస్తే గిన్నె నిండా పప్పు కనిపిస్తుంది. మనిషికి వచ్చేది 20 గ్రాముల పప్పు. అందులో ప్రోటీన్ 4 గ్రాముల పైచిలుకు, అంతే.

రోజు మొత్తం ఇలాగే తూచి చూశాం. పొద్దున్న మూడు ఇడ్లీ, కాస్త వేరుశెనగ చట్నీ: 9 గ్రాముల ప్రోటీన్. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యపు అన్నం, ఆ పప్పు, ఒక కూర: 18 గ్రాములకు కాస్త తక్కువ. సాయంత్రం గుప్పెడు మరమరాలు: 2 గ్రాములు. రాత్రి రెండు చపాతీలు, బంగాళాదుంపో బీరకాయో కూర: ఎనిమిదిన్నర. కలిపితే 37 గ్రాములు. కిలో బరువుకు 0.64 గ్రాములు.

ఇప్పుడు ల్యూసిన్. ప్రతి పదార్థంలోని ప్రోటీన్‌ని అందులోని ల్యూసిన్ శాతంతో గుణిస్తే చాలు. మాష్టారు లెక్కల మనిషి కాబట్టి కాగితం ఆయనకే ఇచ్చి చేయించాను. ఇడ్లీలో 0.7 గ్రాములు, మధ్యాహ్నం 1.3, మరమరాల్లో 0.15, రాత్రి 0.55. మొత్తం 2.7 గ్రాములు.

చాలామంది పొరపాటు పడేది సరిగ్గా ఈ అంకె దగ్గరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదికలో పెద్దవాళ్ళకు ల్యూసిన్ అవసరం కిలో బరువుకు రోజుకు 39 మిల్లీగ్రాములు. 58 కిలోలకు 2.26 గ్రాములు. మాష్టారు 2.7 తింటున్నారు. కాగితం మీద లోటు లేదు! కానీ ఆ 39 మిల్లీగ్రాములు ఒంట్లోంచి రోజూ పోయేదాన్ని పూడ్చడానికి లెక్కగట్టినవి. కరిగిపోయిన కండని తిరిగి కట్టడానికి కాదు. వయసు మళ్ళినవారి ప్రోటీన్ మీద 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన సూచన వేరు: ఒక్కో పూట భోజనంలో 25 నుంచి 30 గ్రాముల ప్రోటీన్, అందులో 2.5 నుంచి 2.8 గ్రాముల ల్యూసిన్ ఉండాలి. ఒక్కో పూటకి, రోజంతటికీ కాదు. మాష్టారు రోజంతా కలిపి తింటున్న ల్యూసిన్ ఒక్క పూటకి కావలసినంత ఉంది.

పూట లెక్క ఎందుకంటే, ల్యూసిన్ ఒక ఇటుక మాత్రమే కాదు, పని మొదలుపెట్టమనే కబురు కూడా. రక్తంలో ల్యూసిన్ ఒక స్థాయి దాటి పెరిగితే కండర కణంలో ఎమ్‌టార్ అనే వ్యవస్థ మేలుకుని కొత్త ప్రోటీన్ కట్టడం మొదలుపెడుతుంది. కుర్రవాడి కండరానికి చిన్న కబురు చాలు. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా మంచాన పడి లేచాక, ఆ కబురు గట్టిగా చెబితే తప్ప వినిపించుకోదు. ల్యూసిన్‌ని నాలుగు పూటలకు చిటికెడు చిటికెడు పంచితే, మొత్తం సరిపోయినా ఏ పూటా ఆ స్థాయి దాటకపోవచ్చు. ఇదేదో దాటితే పని, దాటకపోతే సున్నా అన్నట్టు గీసిన గీత కాదు. మనిషికీ మనిషికీ మారుతుంది. అయినా 0.55 గ్రాముల రాత్రి భోజనం దానికి చాలా దూరంలో ఉందని చెప్పడానికి సందేహం అక్కర్లేదు.

తక్కువగా ఉన్నది ల్యూసిన్ కాదు

మాష్టారి అబ్బాయి విశాఖలో ఉంటాడు. ఫోన్‌లో అతను అన్న మాట: "మొక్కల ప్రోటీన్‌లో ల్యూసిన్ ఉండదు కదండీ, అందుకే నాన్నగారికి ల్యూసిన్ పౌడర్ తెప్పిస్తాను." ఈ మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. ఇది సగమే నిజం.

వంద గ్రాముల గుడ్డు ప్రోటీన్‌లో ల్యూసిన్ ఎనిమిదిన్నర గ్రాములు. సోయా, పెసలు, మినుములు, ఉలవలు, బియ్యం, అన్నిట్లోనూ ఎనిమిదికి అటూ ఇటూ. కందిపప్పు ఏడు, వేరుశెనగ ఆరున్నర, గోధుమ ఏడు లోపు. పాల నుంచి తీసే వే ప్రోటీన్ మాత్రం పది దాటుతుంది. అంటే గుడ్డుకీ పెసలకీ ఈ శాతంలో తేడా అంతంతమాత్రమే. అసలు తేడా పళ్ళెంలోకి ఎంత ప్రోటీన్ వస్తోంది, దాంతోపాటు ఎంత పిండి పదార్థం, ఎంత నీరు వస్తున్నాయి అన్నదాంట్లో ఉంది.

2.5 గ్రాముల ల్యూసిన్ ఒక్క పదార్థం నుంచే రావాలంటే ఎంత తినాలో మాష్టారి చేతే వేయించాను. కందిపప్పైతే పచ్చిది 160 గ్రాములు, అంటే వాళ్ళింటి గ్లాసుతో రెండు గ్లాసులు ఒక్కరే తినాలి. బియ్యమైతే 400 గ్రాములు. మీల్ మేకర్ ఎండుది 60 గ్రాములు. ఆయన కాగితం వంక కాసేపు చూసి, "అయితే నేను తినేదాంట్లో లోపం పప్పు రకంలో లేదు, పల్చనలో ఉంది" అన్నారు. నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

మీల్ మేకర్ ప్రత్యేకత అంతా అదే. సోయా గింజలోంచి నూనె తీసేశాక మిగిలిన పిండిని వేడి మీద ఒత్తి చేస్తారు. వందలో 52 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. ఇక్కడ ఒడియా ఇళ్ళల్లో దీన్ని సోయా బడి అంటారు, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. మన మినప వడియాల్లాంటి బడి వేరు, ఇది వేరు. కొట్లో అడిగేటప్పుడు ఈ తేడా చెప్పాలి.

పౌడర్ సంగతి. విడి ల్యూసిన్ కబురు పంపుతుంది. కానీ కండ కట్టడానికి మిగతా అవసరమైన అమైనో ఆమ్లాలూ అదే వేళకి ఉండాలి. నారు లేకుండా ఊడ్పు కూలీలను పొలానికి పిలిచినట్టే ఉంటుంది. 37 గ్రాముల ప్రోటీన్ తినే మనిషికి ముందు కావలసింది నారు. అందుకే అప్పటికి పౌడర్ వద్దన్నాను.

ఇదే కారణంతో ల్యూసిన్ శాతం ఒక్కటే చూసి తిండి ఎంచుకోవడమూ తప్పే. మక్కజొన్న ప్రోటీన్‌లో ల్యూసిన్ పన్నెండు శాతం దాకా ఉంటుంది, జొన్నలోనూ అంతే ఎక్కువ. కానీ రెండింట్లోనూ లైసిన్ అనే మరో అవసరమైన అమైనో ఆమ్లం బాగా తక్కువ. జొన్నే ముఖ్యాహారంగా ఉన్న దక్కన్ ప్రాంతంలో పెల్లాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు ఎందుకు వస్తోందని వెతుకుతూ, హైదరాబాద్‌లో గోపాలన్, శ్రీకాంతియా 1960లో ఈ అధిక ల్యూసిన్ మీదే అనుమానం వ్యక్తం చేశారు. దాని మీద తర్వాత చాలా వాదన నడిచింది. నేను దాన్ని గుర్తు పెట్టుకునేది ఇందుకే: మన తిండిలో ఒక్క అమైనో ఆమ్లాన్ని విడదీసి గొప్పగానూ చూడకూడదు, చెడ్డగానూ చూడకూడదు.

ఉలవచారు

రెండో సిట్టింగ్‌లో అమ్మగారు కాస్త నొచ్చుకున్నారు. "వారానికి రెండు రోజులు ఉలవచారు పెడుతున్నానమ్మా. బలం కాదూ?" అని అడిగారు.

ఎలా చేస్తారో చెప్పమన్నాను. ఉలవలు రాత్రి నానబెట్టి, పొద్దున్న బాగా ఉడికించి, ఆ నీళ్ళు వంచి చింతపండు రసం, పోపు వేసి మరిగిస్తారు. మరి ఉడికిన ఉలవలు? "ఆవుకి పెడతాం." ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళల్లో తరతరాల అలవాటు ఇదే. కట్టు మనకి, గింజ పశువుకి. చారులో రుచి ఉంటుంది, కొంత ఖనిజాలూ ఉంటాయి. ప్రోటీన్ మాత్రం చాలా వరకు గింజలోనే ఉండిపోతుంది. వందలో 22 గ్రాముల ప్రోటీన్, అందులో ఎనిమిది శాతం ల్యూసిన్ ఉన్న గింజ అది. మాష్టారి కండకి చెందాల్సింది నేరుగా పాకలోకి వెళ్ళిపోతోంది.

చారు మానమనలేదు. గింజల్లో మాష్టారి వంతు తీసి పక్కన పెట్టమన్నాను. ఇంకొంచెం మెత్తగా ఉడికించి, పచ్చిమిర్చి, కొబ్బరి వేసి గుగ్గిళ్ళుగా తాలింపు పెట్టాలి. ఆవుకి వేరే వంతు.

మార్చిన పళ్ళెం

మాష్టారికి నేను అనుకున్నది కిలోకి 1.2 గ్రాముల ప్రోటీన్, అంటే రోజుకు 70. కానీ పప్పుల్లోని ప్రోటీన్ మొత్తం అరగదు. మామూలు వంటలో దాదాపు ఐదో వంతు అరగకుండానే పోతుందని నేను లెక్క వేసుకుంటాను. అందుకే పళ్ళెంలో 84 గ్రాముల దాకా పెట్టించాను. పట్టికల్లోని ల్యూసిన్ అంకెలు పదార్థంలో ఎంత ఉందో చెప్పేవే గాని, రక్తంలోకి ఎంత వచ్చిందో చెప్పేవి కావు. శాకాహార పళ్ళెంలో ఈ తేడా పెద్దది.

పొద్దున్న పెసరట్టు. 60 గ్రాముల పెసలు, పక్కన 30 గ్రాముల వేరుశెనగ పప్పుతో చట్నీ. ఇంత పెట్టినా ప్రోటీన్ 20 గ్రాములే అవుతుంది, ల్యూసిన్ ఒకటిన్నర. అందుకని పిండిలో 20 గ్రాముల సోయా కలపమన్నాను. దాంతో 31 గ్రాములు, ల్యూసిన్ 2.35. మధ్యాహ్నం అన్నం 150 నుంచి 80 గ్రాముల బియ్యానికి తగ్గించి, 40 గ్రాముల ఎండు మీల్ మేకర్ కూర, 30 గ్రాముల కందిపప్పుతో గట్టి పప్పు. దాదాపు 34 గ్రాముల ప్రోటీన్, ల్యూసిన్ 2.6. రాత్రి రెండు చపాతీలు, 60 గ్రాముల ఉలవల గుగ్గిళ్ళు. ఇక్కడ ప్రోటీన్ 20, ల్యూసిన్ 1.5 దగ్గరే ఆగిపోయింది. రాత్రి ఇంకా పెంచితే కడుపు బరువుతో నిద్రపట్టదని తెలుసు. రెండు పూటలు గట్టిగా నిలబెడదాం, మూడోదాన్ని అలా ఉండనిద్దాం అనుకున్నాను.

వారానికి మూడు రోజులు వ్యాయామం. కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు, కిటికీ పట్టుకుని మడమలెత్తడం, రబ్బరు బ్యాండు లాగడం. రెండు వారాల తర్వాత వీపు సంచిలో రెండు కిలోల బియ్యం వేసుకుని చేయాలి, తర్వాత ఐదు కిలోలు. చివరి రెండుసార్లు లేవడం కష్టంగా అనిపించాలి. తేలిగ్గా అయిపోతే బియ్యం పెంచాలి. ఈ కష్టం లేకుండా ఎంత ల్యూసిన్ పోసినా ఆ వయసులో కండ పెద్దగా రాదు. వ్యాయామం చేసిన కండరం మాత్రం ఆ తర్వాత ఒక రోజు పైన తిండి కబురుకి బాగా స్పందిస్తుంది. అందుకే వ్యాయామం అయిన వెంటనే తినాలన్న టెన్షన్ పెట్టలేదు. ఆ రోజు పూటలు సరిగ్గా పడితే చాలు.

అన్నం తగ్గించడానికి మాత్రం చాలా నచ్చచెప్పాల్సి వచ్చింది. "అన్నం లేకపోతే భోంచేసినట్టే ఉండదు" అన్నారు మాష్టారు. పళ్ళెంలో ముందు కూర, పప్పు వడ్డించి, ఆఖర్న అన్నం పెట్టమన్నాను. కడుపులో ఉన్న చోటు ఎంతో అంతే. ముందు అన్నం పెడితే మీల్ మేకర్ మిగిలిపోతుంది.

రెండు పొరపాట్లు

వారానికే ఫోన్. కడుపంతా గాలి, రెండుసార్లు విరేచనాలు. ఏం జరిగిందని అడిగితే బయటపడింది: పెసరట్టు పిండిలో సోయా కలపమన్నాను గదా, కొట్లో సోయా గింజలు దొరికితే అవే నానబెట్టి పెసలతో రుబ్బారు. తప్పు నాది, మీల్ మేకర్ పొడి అని స్పష్టంగా చెప్పలేదు. పచ్చి సోయా గింజలో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది. గింజని బాగా ఉడికిస్తే అది పోతుంది. పెనం మీద రెండు నిమిషాలు కాలిన అట్టులో పోదు. మీల్ మేకర్ తయారీలోనే వేడి తగిలి వస్తుంది. దాన్ని మిక్సీలో పొడి చేసి పిండిలో కలపమన్నాను. మూడు రోజుల్లో కడుపు కుదుటపడింది. ఉలవలు కూడా పన్నెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మొలక వచ్చాక కుక్కర్లో ఉడికించమన్నాను. వంచి చారు కాచేది ఆ ఉడికిన నీళ్ళతోనే.

రెండో పొరపాటు నెమ్మదైనది, అందుకే ప్రమాదకరమైనది. ఆరో వారం చూస్తే కుర్చీ పరీక్ష 17 నుంచి 16కి మాత్రమే తగ్గింది. పట్టు బలంలో మార్పు లేదు. వ్యాయామం మాష్టారు ఒక్క రోజూ మానలేదు, నోటుబుక్కులో గీతలు గీసి పెట్టారు. తిండి అంతా చెప్పినట్టే తింటున్నామన్నారు. నేను నమ్మాను కూడా. అప్పుడు ఊరికే అడిగాను: "మీల్ మేకర్ ప్యాకెట్ ఎన్నాళ్ళకి అవుతోంది?"

"పదిరోజులు వస్తోంది."

200 గ్రాముల ప్యాకెట్. రోజుకు కూరలో 40, పెసరట్టులో 20, మొత్తం 60 గ్రాములైతే మూడు రోజుల పైచిలుకుకే అయిపోవాలి. పదిరోజులంటే రోజుకు 20 గ్రాములే. అమ్మగారు కూరకి మీల్ మేకర్ నానబెట్టి పిండాక తూచుతున్నారు. నానితే అది మూడింతలు బరువెక్కుతుంది. నలభై తూచితే లోపల ఉన్నది పదమూడే. అట్టులోకి కూడా కాస్త చేతి అంచనాతో పొడి వేస్తున్నారు. అంటే ఆ ఆరు వారాలూ మధ్యాహ్నం ల్యూసిన్ ఒకటిన్నర గ్రాముల దగ్గర, పొద్దున్న రెండు లోపల ఆగిపోయాయి. మేమంతా మాత్రం రెండున్నర అనుకుంటూ కూర్చున్నాం.

అప్పటి నుంచి ఏ శాకాహార కేసులోనైనా ఎన్ని గ్రాములు తింటున్నారని అడగడం కంటే ప్యాకెట్ ఎన్నాళ్ళొస్తోందని ముందు అడుగుతున్నాను. తిన్నామన్న జ్ఞాపకం తప్పవచ్చు, ఖాళీ ప్యాకెట్లు తప్పు చెప్పవు. పప్పుకీ ఇదే పద్ధతి: నెలకి ఇంట్లోకి ఎన్ని కిలోలు వచ్చింది, ఎంతమంది తిన్నారు.

ఎండుగా ఉండగానే తూచమని, నానాక తూచవద్దని చెప్పాను. ఆ తర్వాత ఎనిమిది వారాలకి, అంటే మొదటి నుంచి పద్నాలుగో వారానికి, కుర్చీ పరీక్ష పన్నెండున్నర సెకన్లు. పట్టు బలం 25.5 కిలోలు. పిక్క 31.6 సెంటీమీటర్లు, బరువు 58.8. క్రియాటినిన్ మళ్ళీ చూశాం, 0.9 దగ్గరే ఉంది.

ఈ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి

మొదటి ఆరు వారాల్లో వ్యాయామం ఉంది, సోయా మాత్రం చెప్పిన దాంట్లో మూడో వంతే ఉంది. మార్పు కొద్దిగా వచ్చింది. తర్వాత ఎనిమిది వారాల్లో రెండూ ఉన్నాయి, మార్పు బాగా వచ్చింది. చూడ్డానికి ల్యూసిన్ చేసిన పనిలాగే ఉంటుంది. కానీ అదే సమయంలో వీపు సంచిలో బియ్యం రెండు కిలోల నుంచి ఐదుకి పెరిగింది, మొత్తం ప్రోటీన్ కూడా పెరిగింది. ఒక్క మనిషిలో వీటిని విడదీయడం కుదరదు. పిక్కలో 0.6 సెంటీమీటర్ల మార్పు టేపు పట్టుకునే చేతిని బట్టి కూడా రావచ్చు. కుర్చీ పరీక్ష మీద నాకు నమ్మకం ఎక్కువ. అది మాష్టారి అసలు బాధకి దగ్గరగా ఉన్నది.

ఇక పెద్ద ప్రశ్న: పూర్తిగా మొక్కల తిండితో సరిపోతుందా? వయసును బట్టి నా సమాధానం మారుతుంది. 2021లో బ్రెజిల్‌లో చేసిన అధ్యయనంలో కుర్రాళ్ళకి, వీగన్లకీ మాంసాహారులకీ సమానంగా కిలోకి 1.6 గ్రాముల ప్రోటీన్ అందేలా చూసి, పన్నెండు వారాలు బరువులు ఎత్తించారు. కండ పెరగడంలో తేడా రాలేదు. అయితే ఆ వీగన్లు మామూలు తిండితోనే అంత తినలేదు, సోయా పొడితో పూర్తి చేశారు. మరోవైపు నెదర్లాండ్స్ పరిశోధకులు 2024లో పెద్దవయసువారికి ఒకే మోతాదు ప్రోటీన్ ఉన్న రెండు భోజనాలు పెట్టి చూస్తే, తిన్న తర్వాతి గంటల్లో మాంసాహార భోజనం కండర ప్రోటీన్ కట్టడాన్ని ఎక్కువగా పెంచింది. కొద్ది గంటల కొలత అది, నెలల మీద కండగా ఎంత నిలుస్తుందన్నది వేరే విషయం. ఈ రెండింటినీ కలిపి నేను పాటించే పద్ధతి ఇది: ముప్పై ఏళ్ళ శాకాహారికి రోజు మొత్తం ప్రోటీన్ సరిచేస్తే చాలు, పూట పూటకీ ల్యూసిన్ లెక్క వేయించను. అరవై దాటి, మంచాన పడి లేచిన శాకాహారికి మాత్రం కనీసం రెండు పూటలు తూచి పెట్టిస్తాను. మొక్కల తిండి కాబట్టి నిపుణులు చెప్పిన ముప్పై గ్రాముల కంటే కాస్త పైకే వెళతాను.

మాష్టారి పట్టు బలం ఇంకా 28కి రాలేదు. రాత్రి భోజనం ఇంకా 1.5 గ్రాముల దగ్గరే ఉంది. ఇప్పుడు ఆకలి పెరిగింది కాబట్టి చపాతీ పిండిలో ముప్పై గ్రాముల మీల్ మేకర్ పొడి కలిపి చూద్దామన్నాను. అది తిని నిద్ర ఎలా పడుతోందో రెండు వారాలు రాయాలి. నిద్ర చెడితే తీసేస్తాం. అప్పుడు విడి ల్యూసిన్ ఆ ఒక్క పూటకి ఆలోచించవచ్చు, ఎందుకంటే ఇప్పుడు మిగతా అమైనో ఆమ్లాలు పళ్ళెంలో ఉన్నాయి.

కిందటి వారం అమ్మగారు వచ్చినప్పుడు సంచిలోంచి ఖాళీ ప్యాకెట్లు తీసి బల్ల మీద పెట్టారు. నేను అడగకుండానే. ఒక్కోదాని మీద తెరిచిన తేదీ, అయిపోయిన తేదీ పెన్నుతో రాసి ఉన్నాయి. ఏ ప్యాకెట్ మీదా రెండు తేదీల మధ్య నాలుగు రోజులు దాటలేదు.